అయ్యా, అది ల్యాప్‌టాపా, నల్ల పలకా?

తిరుపతి గాంధీ రోడ్డులోని కంప్యూటర్ షాపు ఓనరు గారికి,

మా అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరిందని మీ షాపులో ల్యాప్‌టాప్ కొన్నాను. ధర ఇంత తక్కువేమని అడిగితే మీ కుర్రాడు "ఆఫర్ సార్" అన్నాడు. ఆ ఆఫరు పేరు డాస్ అని, అంటే లోపల విండోస్ లేదని ఇంటికెళ్ళాక తెలిసింది.

మా మామగారికి ఏది కొన్నా పూజ చేయందే మనసొప్పదు. మూతకు పసుపు, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఆ నీళ్ళు కీబోర్డు మీద పడకుండా మా ఆవిడ కొంగు అడ్డంపెట్టి, పక్కింటివాళ్ళను కూడా పిలిచి, బటన్ నొక్కాం. తెర నల్లగా వచ్చింది. మూలన `C:\>` అని, దాని పక్కన గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. "ఏందిరా ఇది, ఏదో అడగతా ఉండాది?" అన్నారు మామగారు. శుభమా అని మొదటి మాట తానే కొడతానని అద్దాలు పెట్టుకుని, ఒక్కో అక్షరం వెతికి OM కొట్టారు. ఎంటర్ నొక్కగానే వచ్చిన జవాబు:

```
Bad command or filename - "OM"
```

తిరుపతిలో, కర్పూరం ఇంకా ఆరకముందే! పక్కింటి పిన్నమ్మ చదివి అర్థం చెప్పింది కూడా. మామగారు ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. నేను చేసినట్టు!

ఎలాగో మా బావమరిది పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 ఎక్కించాడు. టచ్‌ప్యాడ్ మీద వేలు అరిగినా బాణం కదల్లేదు. మౌసు అరువు తెచ్చాం. తర్వాత ఇంటర్నెట్‌కు కలపమంది, కానీ వైఫై జాబితాలో ఒక్క పేరూ లేదు. మీకు ఫోన్ చేస్తే "వైఫై డ్రైవర్ లేదు సార్, నెట్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోండి" అన్నారు. నెట్ ఎలా వస్తుందయ్యా అంటే "వైఫైతో సార్" అన్నారు. ఇంత తాపీగా మాట్లాడాలంటే చాలా అనుభవం ఉండాలి.

విండోస్ పెన్‌డ్రైవ్‌లో అన్ని కొత్త చిప్పులకూ డ్రైవర్లు ఉండవట. ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే డ్రైవర్ లేకపోయినా నెట్ వస్తుందని చెప్పింది మీరు కాదు, మా వీధి పాలిటెక్నిక్ పిల్లోడు. కంపెనీ సైటులో మా మోడల్ నంబరు కొట్టి వైఫై, టచ్‌ప్యాడ్ డ్రైవర్లు దించింది కూడా వాడే.

బిల్లులో డాస్ అని రాశామంటారు. రాశారు. జీఎస్టీ నంబరు కింద, చీమకు కూడా కళ్ళజోడు కావాల్సినంత సైజులో. డబ్బు వాపసు అడగడం లేదు. ఇకపై డాస్ అంటే విండోస్ ఉండదని కొనేముందు నోటితో చెప్పండి, ఆ మోడల్ డ్రైవర్లు ఒక పెన్‌డ్రైవ్‌లో వేసివ్వండి.

ఇంకోటి, మీరు ఫ్రీగా ఇచ్చిన బ్యాగు జిప్పు ఊడింది.