కాలనీ గ్రూపుకు స్వాగతం, నల్లా వచ్చిపోయింది

మా కాలనీ వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరేవారికి పంపే స్వాగత సందేశం రాసే బాధ్యత పోయిన నెల నా మీద పడింది. తెలుగులో ఎమ్మే చదివిన ఒక్క పాపానికి. అంతకుముందు ఉన్న సందేశం చాలా చిన్నది. "వెల్‌కమ్ సార్" అని ఉండేది. ఆడవాళ్లు చేరినా అదే. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబెట్టిన కాకతీయుల గడ్డ మీద స్వాగతం ఇంత బీదగా ఉంటే ఎట్లా అని మా ప్రెసిడెంటు గారికి మనసు నొచ్చుకుంది. ఆయన ఇల్లు హనుమకొండలో ఉన్నా మనసు ఖిలా వరంగల్‌లో ఉంటుంది.

ఐదుగురితో డ్రాఫ్టింగ్ కమిటీ వేశారు. మూడు ఆదివారాలు కూర్చున్నాం. చివరికి ముప్పై ఆరు లైన్ల సందేశం తయారైంది. మొదటి ఆరు లైన్లలో కాలనీ చరిత్ర, అంటే ఒకప్పుడు ఇక్కడ మక్క చేను ఉండేదన్న విషయం. తర్వాత కమిటీ సభ్యుల పేర్లు, వారి రిటైర్మెంటుకు ముందు హోదాలు. వినాయక చవితికి, బతుకమ్మకు ఇవ్వాల్సిన చందా ఎంతో చెప్పే లైనుకు ముందూ వెనకా నక్షత్రం గుర్తు పెట్టి అక్షరాలు లావు చేశాం. గ్రూపులో రాజకీయాలు, కులం, మతం, వ్యాపార ప్రకటనలు వద్దని తొమ్మిది లైన్లు. ఆ తొమ్మిది లైన్లూ రాసింది మా ట్రెజరర్ గారు, ప్లాట్లు అమ్మిపెడతారు. చెత్త ఆటో సంగతి ముప్పై రెండో లైనులో, నల్లా టైము ముప్పై నాలుగులో వచ్చాయి. ముప్పై ఐదు, ముప్పై ఆరు దండాలు.

పొడుగు మెసేజ్ పెడితే వాట్సాప్ మొత్తం చూపించదు. కొంతదాకా చూపించి, కింద "రీడ్ మోర్" అని పెడుతుంది. మా సందేశం ప్రెసిడెంటు గారి పూర్వ హోదా దగ్గర తెగింది. రీడ్ మోర్ నొక్కేవారు ఎవరన్నది మేము ఆలోచించలేదు. కష్టపడి రాసింది చదవకుండా ఎట్లా ఉంటారు అనుకున్నాం.

ఈ సందేశం మొదటిసారి అందుకున్నది నాలుగో గల్లీలో పైపోర్షన్ కిరాయికి దిగిన కుర్రాడు. కరీంనగర్ నుంచి బదిలీ మీద వచ్చాడు, బ్యాంకు ఉద్యోగం. ఆదివారం సాయంత్రం ఏడింటికి సెక్రటరీ గారు అతన్ని గ్రూపులో చేర్చారు. చేరేముందు మెసేజ్‌లు మా గ్రూపులో కొత్తవారికి కనపడవు. కాబట్టి అతనికి కనిపించిన మొట్టమొదటి వాక్యం, అప్పటికే అరగంటగా నడుస్తున్న ఒక కుక్క పంచాయితీలో చివరి మాట: "అది మీ సంస్కారం." అతను కాసేపు అది తనకే అనుకున్నాడట.

ఏడు గంటల రెండు నిమిషాలకు మా ముప్పై ఆరు లైన్లు వెళ్లాయి. ఏడూ నాలుగుకు అతను అడిగాడు: "నమస్తే సార్, మన గల్లీకి నల్లా ఎప్పుడు వస్తది?"

ఆ ప్రశ్నకు నలభై మూడు జవాబులు వచ్చాయి. నేను లెక్కపెట్టాను. పంతొమ్మిది గులాబీలు, పదకొండు దండాలు, పొగలు కక్కుతున్న చాయ్ కప్పు బొమ్మలు ఆరు, మిగతావి మాటలు. ఒకాయన "హ్యాపీ బర్త్‌డే" అని కూడా పెట్టారు. పెద్దమనిషి, కళ్లజోడు దగ్గర ఉండి ఉండదు. మర్యాద తెలిసిన పిల్లవాడు కాబట్టి కుర్రాడు ఒక్కొక్కరికీ "థాంక్యూ సార్" అన్నాడు. అట్లా ఎనభై ఆరు మెసేజ్‌ల కింద అతని ప్రశ్న, దాని మీదున్న మా ముప్పై నాలుగో లైను ప్రశాంతంగా పడుకున్నాయి.

మర్నాడు తెల్లవారి ఐదున్నరకు నల్లా వచ్చింది. ఆరుంబావుకు పోయింది. మా లైనుకు రోజు విడిచి రోజు. కుర్రాడు ఏడింటికి బకెట్ పట్టుకుని కిందికి దిగితే ఎదురింటి పెద్దమ్మ వాకిట్లో సానిపి చల్లుతూ చెప్పింది: "నల్లా వచ్చిపోయింది బిడ్డా. ఇగ ఎల్లుండే." అతను గ్రూపు తెరిచి చూశాడు. ఆరూ ఐదుకు ఒక మెసేజ్ ఉంది: "నల్లా వచ్చింది, అందరూ పట్టుకోగలరు." పెట్టింది మొదటి గల్లీ మొదటి ఇల్లు. కింద ఇరవై థాంక్యూలు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఐదున్నరకు వచ్చిన నీళ్ల గురించి ఆరూ ఐదుకు చెప్పడం బద్ధకం అని మీరు అనుకుంటే నల్లా శాస్త్రం మీకు తెలియదన్నమాట. నల్లాలు వదిలే అతను మెయిన్ రోడ్డు దగ్గర వాల్వ్ తిప్పగానే నీళ్లు ముందు దగ్గరి ఇళ్లకు వెళ్తాయి. అక్కడ ప్రెషర్ బాగుంటుంది. చివర ఉన్న నాలుగో గల్లీకి మిగిలింది వస్తుంది. ఈ మిగిలింది కూడా రాకుండా చేసే మహత్తర సాధనం ఒకటి ఉంది, నల్లా పైపుకే నేరుగా బిగించే మోటర్. అది పైపులో ఉన్న నీళ్లను గుంజుకుంటుంది. ముందు గల్లీలో నాలుగు మోటర్లు ఆన్ అయితే చివర ఇంటి నల్లా నుంచి బుస్సుమని గాలి వస్తుంది. మీ నల్లా అట్లా బుస్సుమని, మళ్లీ కాసిని నీళ్లు, మళ్లీ బుస్సు అంటుంటే లైనులో ఎవరో మోటర్ పెట్టారని అర్థం. మోటర్ పెట్టడం తప్పని అందరికీ తెలుసు కాబట్టి మా కాలనీలో ఎవరికీ అట్లాంటి మోటర్ లేదు. తెల్లారుజామున వినపడే ఆ సప్పుడు మిక్సీలదని సెక్రటరీ గారు వివరణ ఇచ్చి ఉన్నారు. ఐదున్నరకు మా మొదటి గల్లీ మొత్తం చట్నీ రుబ్బుకుంటుంది.

అంటే ఎంత మంది నిద్రలో ఉంటే లేచినవారి సంపు అంత తొందరగా నిండుతుంది. ఈ లెక్క వచ్చినవారెవరూ ఐదున్నరకు మెసేజ్ పెట్టరు. సంపు నిండి, మేడ మీది ట్యాంకు నిండి, బండి కడగడం కూడా అయ్యాక, ఆరూ ఐదుకు సామాజిక బాధ్యత గుర్తుకొస్తుంది.

కుర్రాడు ఆ రోజు ట్యాంకర్ తెప్పించుకున్నాడు. సాయంత్రానికి అతనికి ఫోన్లు మొదలయ్యాయి. గ్రూపులో చేరితే మన నంబరు అందరికీ కనపడుతుంది కదా. ఒక బీమా పాలసీ, ఒక చిట్టీ, కాజీపేట అవతల ఒక ప్లాటు. ఆ తొమ్మిది లైన్లకు భంగం కలగలేదు, ఎందుకంటే ఇవేవీ గ్రూపులో అడగలేదు, విడిగా ఫోన్ చేసి అడిగారు.

మా గ్రూపు పనికిరానిదని నేను అనను. 2023 జులై వానలకు ఊళ్లో లోతట్టు కాలనీలు మునిగినప్పుడు ఏ గల్లీలో మోకాళ్ల లోతు, ఏ గల్లీలో నడుం లోతు అనేది గ్రూపులోనే తెలిసింది. అయితే మొదటి రోజే ఎవరో భద్రకాళి చెరువు తెగిందని ఒక వీడియో పెట్టారు. అందులో పడవ మీద ఉన్నవాళ్లు మాట్లాడేది తెలుగు కాదు, కనీసం హిందీ కూడా కాదు. సగం మంది మెట్లెక్కి మేడ మీద కూర్చున్నారు. ఆ నెల 29న పోతన నగర్ వైపు చెరువు కట్టకు నిజంగానే గండి పడింది. ఆ కబురు గ్రూపులో పెడితే "పాత వీడియోలు పెట్టకండి సార్" అని మూడు జవాబులు వచ్చాయి.

కుర్రాడి ఉదంతం తర్వాత నాకు కొంచెం సిగ్గేసింది. రెండో డ్రాఫ్టు రాసుకుని కమిటీ ముందుకు వెళ్లాను. మూడే లైన్లు. నల్లా రోజు విడిచి రోజు, పొద్దున ఐదున్నర నుంచి ఆరుంబావు దాకా. చెత్త ఆటో ఏడున్నరకు, తడి పొడి వేరుగా ఇవ్వాలి. నల్లాలు వదిలే అతని నంబరు ఇది. రీడ్ మోర్ కింద పడకుండా ఫోన్‌లో చూసుకుని మరీ రాశాను.

ప్రెసిడెంటు గారు చదివి కళ్లజోడు తీశారు. "ఇందులో స్వాగతం ఏదీ?" అన్నారు.

"నీళ్లే సార్," అన్నాను.

ట్రెజరర్ గారికి చందా లైను కనపడలేదు. సెక్రటరీ గారికి నల్లాలు వదిలే అతని నంబరు అందరికీ ఇవ్వడం మీద అభ్యంతరం. "అందరూ ఫోన్ చేస్తే ఆయన టెన్షన్ పడతడు" అన్నారు. ఆ నంబరు ఇప్పటిదాకా ఎవరెవరి దగ్గర ఉందని నేను అడగలేదు. మొదటి గల్లీ వాళ్లతో కలిసి బతకాలి. ఎంతో పెనుగులాడిన మీదట రాజీ కుదిరింది. ముప్పై ఆరు లైన్లూ అట్లాగే ఉంటాయి, నా మెసేజ్‌లో మొదటి లైను మాత్రం విడిగా పిన్ చేస్తారు. పిన్ అంటే శాశ్వతం అనుకున్నాను. కాదు, ఇరవై నాలుగు గంటలు, ఏడు రోజులు, ముప్పై రోజులు, ఈ మూడిట్లో ఏదో ఒకటే. ఒకేసారి మూడు మెసేజ్‌లకు మించి పిన్ కావు. ఇంకోటి పెట్టాలంటే ఉన్నవాటిలో ఒకటి దిగాలి. నాకు దొరికింది మూడో చోటు. మొదటి రెండింటిలో చందా, ప్రెసిడెంటు గారి సన్మానం ఫోటో ఉన్నాయి.

ఈ లోపల ఎదురింటి పెద్దమ్మ తన పద్ధతి తాను మొదలుపెట్టింది. ఆమెకు మామూలు డబ్బా ఫోను, గ్రూపులో లేదు. మనవడి పలక ఒకటి గేటుకు వేలాడదీసి, బలపంతో రాసింది: "నల్లా రేపు 5.30". రోజు విడిచి రోజు చెరిపి మళ్లీ రాస్తుంది. నాలుగో గల్లీ అంతా ఐదూ ఇరవైకి లేచి ఉంటున్నారు. కుర్రాడు ఇప్పుడు సంపు నింపుకుని స్నానం చేసి, టయానికి బ్యాంకుకు పోతున్నాడు. మొదటి గల్లీలో చట్నీ కొంచెం ఆలస్యం అవుతోందట.

సంతోషం పట్టలేక కుర్రాడు పోయిన మంగళవారం ఆ పలక ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. అరగంటలో ప్రెసిడెంటు గారి ప్రకటన వచ్చింది. గ్రూపు ద్వారా మాత్రమే ఇవ్వదగిన సమాచారాన్ని కొందరు గేట్లకు, గోడలకు రాయడం కమిటీ దృష్టికి వచ్చిందని, ఇది కాలనీ ఐక్యతకు మంచిది కాదని, ఇకముందు అటువంటివి కమిటీ అనుమతితో జరగాలని అందులో ఉంది. నలభై ఒక్క దండాలు పడ్డాయి. ఆ ప్రకటనను ముప్పై రోజులకు పిన్ చేశారు. మూడు చోట్లూ నిండి ఉన్నాయి కాబట్టి ఒకటి దిగాలి. నల్లా టైము దిగింది.