నాలుగు పొరుగు గళ్ళు చెప్పిన గాలియం

పొదలకూరు దగ్గర ఒక ఊళ్ళో, మొన్న మే నెల సెలవుల్లో, ఇంటర్ మొదటి సంవత్సరం పూర్తయిన పిల్లలు పదిహేను మంది దాకా ఒక ఇంటి వసారాలో కూర్చున్నారు. నేను తీసుకెళ్ళిన చిన్న ప్లాస్టిక్ సీసాలో పది గ్రాముల గాలియం ఉంది. నెల్లూరు జిల్లా మే నెల అంటే ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. గాలియం 29.8 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి, ఆ వసారాలో అది పాదరసంలా ఇటూ అటూ కదులుతోంది. డిసెంబరు తెల్లవారుజామున అదే సీసా తీస్తే లోపల గట్టి లోహపు ముద్ద ఉంటుంది.

పిల్లలందరికీ ఆవర్తన పట్టిక కంఠతా వచ్చు. పదమూడో గ్రూపు చెప్పమంటే బోరాన్, అల్యూమినియం, గాలియం, ఇండియం, థాలియం అని ఊపిరి తీసుకోకుండా చెప్పేశారు. ఆ పట్టికతో ఏం చెయ్యచ్చో మాత్రం వాళ్ళకు ఎవరూ చూపించలేదు. ఒంగోలు, నెల్లూరు కోచింగ్ క్లాసుల్లో అది పాటలాగా పట్టించే పాఠం. ఆ పద్ధతి తప్పని నా గట్టి అభిప్రాయం. పట్టికను చూసి చెప్పడం కాదు, పట్టికలో లేనిదాన్ని లెక్కగట్టడం నేర్పాలి. దాన్ని తయారుచేసినాయన చేసిందీ అదే.

అందుకే ఆ రోజు పట్టికలో గాలియం గడి మీద ఒక కాగితం ముక్క అంటించి, "ఇక్కడ ఎవరున్నారో మనకు తెలియదు. చుట్టుపక్కల నలుగురిని అడిగి తెలుసుకుందాం" అన్నాను. పైన అల్యూమినియం, కింద ఇండియం, ఎడమ పక్క జింకు, కుడి పక్క జెర్మేనియం. వాటి పరమాణు భారాలు వరసగా 27, 114.8, 65.4, 72.6. నాలుగూ కూడి నాలుగుతో భాగిస్తే 69.95 వచ్చింది. కాగితం తీసి చూస్తే గాలియం పరమాణు భారం 69.7. వసారాలో ఒక్క క్షణం చప్పుడు లేదు. తర్వాత సాంద్రత. 2.7, 7.3, 7.1, 5.3 కలిపి నాలుగుతో భాగిస్తే 5.6. అసలు విలువ 5.9. ఇదీ దగ్గరే.

ఇంత సులువుగా కుదరడానికి కారణం ఉంది. పట్టికలో నిలువు వరసలో ఉన్నవాళ్ళు ఒక కుటుంబం. బయటి కక్ష్యలో ఎలక్ట్రాన్ల లెక్క ఒకటే కాబట్టి, ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు అందరి పొత్తు ఒకే నిష్పత్తిలో ఉంటుంది. అల్యూమినియం ఆక్సైడ్ Al2O3 అయితే గాలియం ఆక్సైడ్ Ga2O3. అడ్డ వరసలో ఒక్కో గడికి ఒక్కో ఎలక్ట్రాన్ పెరుగుతూ గుణాలు మెల్లగా మారుతూ పోతాయి. నిలువునా ఒక వరస, అడ్డంగా ఒక వరస, రెండూ కలిసే చోట ఉన్నదాని గురించి రెండు వైపుల నుంచీ సాక్ష్యం దొరుకుతుంది.

రష్యాలో దిమిత్రీ మెండలీవ్ 1871లో ఈ పని చేసినప్పుడు ఆయనకు మనకున్న సౌకర్యం లేదు. అప్పటికి జెర్మేనియం దొరకలేదు, దాని గడి కూడా ఖాళీయే. దాని భారం 72 ఉంటుందని ఆయనే అంచనా వేసుకున్నారు. కింద ఉన్న ఇండియం సంగతి ఇంకా చిక్కు. అది 1863లో దొరికింది కానీ, దాని పరమాణు భారం 75.6 అని అందరూ అనుకునేవాళ్ళు. ఆ భారంతో చూస్తే ఇండియం ఆర్సెనిక్‌కీ సెలీనియంకీ మధ్య ఇరుక్కోవాలి. అక్కడ గడే లేదు.

ఇక్కడ మెండలీవ్ ఎంత దూరం ఆలోచించారో చూడాలి. ఆ రోజుల్లో ప్రయోగంలో నేరుగా తేలేది పరమాణు భారం కాదు, ఒక మూలకం ఎంత బరువు ఎంత ఆక్సిజన్‌తో కలుస్తుందన్న లెక్క. ఆ లెక్క ప్రకారం ఇండియం తుల్యభారం, అంటే ఎనిమిది పాళ్ళ ఆక్సిజన్‌తో కలిసే బరువు, 37.8. ఆక్సైడ్ InO అనుకుంటే పరమాణు భారం దానికి రెండింతలు, అంటే 75.6. ఆక్సైడ్ In2O3 అనుకుంటే మూడింతలు, అంటే 113. తూకంలో పొరపాటు లేదు, సూత్రంలో ఉంది అని మెండలీవ్ తేల్చారు. 113 పెట్టగానే ఇండియం కాడ్మియంకీ టిన్నుకీ మధ్య, అల్యూమినియం ఉన్న వరసలో చక్కగా కూర్చుంది. ఇది సరిచెయ్యకపోతే ఖాళీ గడికి కింది పొరుగే ఉండేది కాదు. జోస్యం కన్నా ముందు జరిగిన ఈ దిద్దుబాటే నాకు గొప్పగా కనిపిస్తుంది. మన పుస్తకాల్లో ఇది అరుదుగా వస్తుంది.

ఆ గడిలో ఉండాల్సినదానికి ఆయన ఏకా-అల్యూమినియం అని పేరు పెట్టారు. ఏకా మన సంస్కృతపు ఏకమే. అల్యూమినియం తర్వాత ఒకటో మెట్టు అని అర్థం. దాని పరమాణు భారం 68 దగ్గర, సాంద్రత 5.9, తక్కువ వేడికే కరుగుతుంది, దాని వెలుగును రంగులుగా విడదీసినప్పుడు వచ్చే వర్ణపటంలో గీతల ద్వారా బయటపడుతుంది అని రాశారు.

1875 ఆగస్టులో ఫ్రాన్సులో లెకాక్ ద బ్వాబోద్రాన్ అనే ఆయన, పిరనీస్ కొండల గనుల నుంచి తెచ్చిన జింకు ఖనిజాన్ని పరీక్షిస్తుంటే వర్ణపటంలో అంతకు ముందెన్నడూ చూడని రెండు ఊదా గీతలు కనిపించాయి. మెండలీవ్ రాసినదాన్ని ఆయన చదవలేదు. తన దారిన తాను వెతుకుతూ పోయిన మనిషి. కొన్ని నెలల్లో విద్యుత్ విశ్లేషణతో కొంచెం లోహం తీసి, తన దేశపు పాత పేరు మీద గాలియం అని పిలిచారు. సాంద్రత కొలిస్తే 4.7 వచ్చింది.

5.9 ఎక్కడ, 4.7 ఎక్కడ? ఇంకొకరైతే నా అంచనా తప్పిందని ఊరుకునేవారు. మెండలీవ్ మాత్రం, లోహాన్ని ఇంకా శుద్ధి చేసి మళ్ళీ కొలిస్తే 5.9 వస్తుందని ఫ్రాన్సుకు తెలియజేశారు. ఆ లోహాన్ని ఆయన కంటితో కూడా చూడలేదు. లెకాక్‌కి మొదట్లో చిరాకు వచ్చిందంటే అర్థం చేసుకోవచ్చు. అయినా 1876లో మళ్ళీ శుద్ధి చేసి కొలిచారు. 5.9 వచ్చింది. మొదటి ముక్క చాలా చిన్నది, స్వచ్ఛమైనదీ కాదు. అంత చిన్న ముక్కలో కాస్త మలినం చిక్కుకున్నా సాంద్రత అంకె మారిపోతుంది. నాలుగు వైపుల సాక్ష్యం ఒకటే మాట చెబుతుంటే, ఒక్క కొలతను అనుమానించే హక్కు పట్టిక ఇచ్చింది.

ఇంతవరకు చెప్పాక వసారాలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "సార్, కరిగే వేడి కూడా లెక్క కట్టాను. కుదర్లేదు" అంది. ఆమె నోటుబుక్కులో అల్యూమినియం 660, ఇండియం 157, జింకు 420, జెర్మేనియం 938, సగటు 544 డిగ్రీలు అని ఉంది. ఎదురుగా సీసాలో గాలియం నీళ్ళలా కదులుతోంది.

ఆ రోజు అందరికన్నా మంచి ప్రశ్న అది. పరమాణు భారం ఒక్కో పరమాణువు సొంత లెక్క. కరిగే వేడి అలా కాదు, లక్షల కోట్ల పరమాణువులు ఘనంలో ఎలా పేర్చుకున్నాయన్న దాని మీద ఉంటుంది. అల్యూమినియంలో ప్రతి పరమాణువు చుట్టూ పన్నెండు పరమాణువులు సమాన దూరంలో ఉంటాయి. గాలియం పేర్పు వేరు. ఒక్కో పరమాణువుకి ఒకే ఒక్క పరమాణువు బాగా దగ్గరగా ఉంటుంది, మిగతావి కాస్త దూరం జరిగి ఉంటాయి. జంటలు జంటలుగా నిలబడ్డ ఆ కట్టు కొద్ది వేడికే విడిపోతుంది. గడ్డకట్టేటప్పుడు మంచులాగే గాలియం కూడా ఉబ్బుతుంది, అందుకే దాన్ని గాజు సీసాలో నిండా నింపకూడదు. మెండలీవ్ కరిగే వేడికి అంకె ఇవ్వకుండా తక్కువ అని మాత్రం అనడంలోనే ఆయన జాగ్రత్త తెలుస్తుంది. ఏ గుణాన్ని సగటు తియ్యచ్చో, దేన్ని తియ్యకూడదో తెలిసినవాడే పట్టికను సరిగ్గా వాడగలడు.

కుటుంబ పోలిక ఎంత బలమైనదో చూపించడానికి ఒక పాత సత్తు గిన్నె అడుగున మేకుతో గీరి, పైపొర పోయిన చోట రెండు చుక్కల గాలియం వేశాం. సాయంత్రానికి ఆ భాగం వేలితో నొక్కితే బిస్కట్‌లా విరిగింది. అల్యూమినియం రేణువుల సందుల్లోకి గాలియం దూరిపోతుంది. ఖనిజాల్లోనూ అది అల్యూమినియం చోటులోనే దాక్కుంటుంది. అందుకే ఈ రోజు గాలియంలో ఎక్కువ భాగం బాక్సైట్ నుంచి అల్యూమినా తీసే ఫ్యాక్టరీల ద్రావణంలోంచే వస్తుంది. సైదాపురం వైపు దారుల్లో ఎండకు తళతళలాడే మైకా కూడా అల్యూమినియం ఖనిజమే. అలాంటి ఖనిజాల్లో గాలియం అతి కొద్దిగా అల్యూమినియం స్థానంలో కూర్చుని ఉంటుంది.

పట్టికకు కనిపించనివీ ఉన్నాయి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మన పక్క గుంటూరు నుంచి చూశారు. ఆ ఏడాదే సూర్యుడి వెలుగులో గుర్తించిన పసుపు గీత చివరికి హీలియంది అని తేలింది. మరుసటి ఏడు వచ్చిన మెండలీవ్ పట్టికలో దానికి ఖాళీ గడి కూడా లేదు. ఒక నిలువు వరస మొత్తం తెలియనప్పుడు, అక్కడ ఖాళీ ఉందని చెప్పడానికి పొరుగే ఉండదు. 1894లో ఆర్గాన్ దొరికాక గానీ ఆ కుటుంబం సంగతి బయటపడలేదు.

చివర్లో అదే అమ్మాయి పట్టిక అడుగు వరస కింద వేలు పెట్టి, "సార్, 118 అయిపోయాయి కదా, 119వది ఇక్కడ వస్తే ఏం చెయ్యాలి?" అని అడిగింది. కింద పొరుగు లేదు, పక్క పొరుగు లేదు. పైన ఫ్రాన్సియం ఒక్కటే ఉంది, దాని అర్ధాయువు 22 నిమిషాలు. ఆ నిలువు వరసలో పై నుంచి కిందికి వచ్చేకొద్దీ బయటి ఎలక్ట్రాన్‌ను ఊడబెరకడం సులువవుతూ వస్తుంది. సోడియంకి 5.1 ఎలక్ట్రాన్ వోల్టులు, పొటాషియంకి 4.3, సీజియంకి 3.9. ఆమె పెన్సిల్‌తో తర్వాతది 3.7 అని రాయబోయింది. ఫ్రాన్సియంది 4.07 అని చెప్పాను. బరువైన పరమాణువుల్లో లోపలి ఎలక్ట్రాన్లు కాంతి వేగంలో చెప్పుకోదగ్గ వంతుతో తిరుగుతాయి. దాంతో బయటిది కూడా లోపలికి లాగబడి వరస అక్కడే తిరగబడుతుంది. ఆమె 3.7 కొట్టేసి, 119 ఎదురుగా 4.07 కన్నా ఎక్కువ అని రాసుకుంది.