ఆ పన్నులు

మా పెద్దమావయ్య రిటైరైన తెలుగు అయ్యవారు. తల్పగిరి రంగనాథుడి మీద శతకం రాశాడు. నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులో నాకు డీటీపీ షాపుంది గదా, నోటుబుక్కు తెచ్చి నా బల్ల మీద పెట్టి పోయాడు. శుభలేఖలు కొట్టే చేతికి పద్యాలొక లెక్కా అనుకున్నా.

మొదటి పేజీలోనే ఒక కందం. దాని మొదటి సగం ఇట్టా ఉంది:

పెన్నొడ్డున నెలకొని యా
పన్నుల కష్టముల దీర్చి పాలించు హరీ

పైన చివర 'యా' ఒంటరిగా వేలాడతా ఉంది. మావయ్యకు తొందరలో జారిందేమో అనుకొని దాన్ని కిందికి దించి, 'ఆ పన్నుల కష్టముల' అని సరిచేశా. జీఎస్టీ కట్టేవాణ్ణి, నాకు భలే నచ్చింది.

ప్రూఫు చూసి మావయ్య కళ్లజోడు తీసేశాడు.

"ఏందబ్బయా, రంగనాథుడు పన్నులాఫీసులో ఎప్పుడు చేరాడు? అది 'ఆపన్నుల' రా. ఆపదలో ఉండేవాళ్లని!"

"మరి మాటని మధ్యలో ఎందుకు విరిచావు మావయ్యా?"

"మాట ఆగిన చోట కాదు, పాదం ఆగిన చోట వరస తెగాల. కందంలో మొదటి పాదానికి నాలుగు మాత్రల గణాలు మూడు. పన్నెండు మాత్రలు. నువ్వు 'యా' లాగేస్తే పదే మిగిలినై. పైన రెండో అక్షరం 'న్నొ', కింద 'న్ను', అదీ ప్రాస. ఇప్పుడు కింద రెండోది 'ప' అయి కూర్చుంది."

వేలు మడిచి లెక్కపెట్టి చూపించాడు. నిజమే, కిందికి రెండు మాత్రలు ఎక్కువయినై.

తర్వాత చివరి పేజీ తిప్పాడు. నూటెనిమిది పద్యాల శతకం 116 దగ్గర ఆగి ఉంది. సీసపద్యాలు ఎనిమిది ఉన్నాయి. ప్రతి సీసం కింద ఒక తేటగీతో ఆటవెలదో ఉంటుంది, రెండూ కలిసే ఒక పద్యం. సీసం అయిపోయాక నేను ఎంటర్ కొట్టిన చోటల్లా కంప్యూటర్ గీతికి కూడా కొత్త అంకె ఇచ్చేసింది.

"శతకం రాయమంటే నూటపదహార్లు చదివించావు గదరా!"

సరే, కందం పాదాలకి కొట్టినట్టే అక్కడా ఎంటర్ తీసేసి Shift+Enter కొట్టా. అంకెలు దారికొచ్చినై, పాదాలు చెడినై. ఆ ఊపులోనే పేజీ మొత్తం రెండు అంచులకీ సమంగా జస్టిఫై చేశా. అట్టా ఉంటే Shift+Enter కొట్టిన వరసని కూడా అది అంచుదాకా సాగదీస్తుంది. పన్నెండు మాత్రల పాదం ఇరవై మాత్రల పాదమంత పొడుగయి, 'నెలకొని'కీ 'యా'కీ నడుమ పెన్నానది పారింది. ఎడమకి సర్దితేగానీ ఒడ్డు కనపళ్లేదు. 'క.', 'సీ.' గుర్తుల్ని స్పేసుబారుతో జరిపుంటి, ఫాంటు మార్చగానే అవి తలో దిక్కుకీ పోయినై. ట్యాబు పెట్టి మళ్లీ ఒక్కొక్కటే నిలబెట్టా.

మూడో ప్రూఫుకి మావయ్య తలూపాడు. బిల్లు నాలుగు వేలని చెప్పా. జేబులోంచి ఒక నూరు నోటు, పైన చిల్లర తీసి తమలపాకులో పెట్టి ఇచ్చాడు.

"లెక్క నువ్వేసిందే అబ్బయా. నూటపదహారు."