ఐదు గడులు నింపితే పరిశ్రమ విశ్లేషణ అయిపోదు: పలాస జీడిపప్పు లెక్కతో ఒక వివరణ

స్ట్రాటజిక్ మేనేజ్‌మెంట్ పేపరులో పోర్టర్ ఐదు శక్తుల ప్రశ్నకు మన పిల్లలు రాస్తున్న జవాబులు చూస్తుంటే నాకు నిజంగా బాధ కలుగుతోంది. ఒక బొమ్మ గీస్తారు, మధ్యలో ఒక గడి, చుట్టూ నాలుగు గడులు పెడతారు, ఒక్కో గడిలో ‘ఎక్కువ’, ‘మధ్యస్థం’, ‘తక్కువ’ అని రాసి పేజీ తిప్పేస్తారు. గైడు పుస్తకాలు అలాగే నేర్పుతున్నాయి, ఉదాహరణగా ఎప్పుడూ విమానయానమో మొబైల్ కంపెనీలో ఇస్తున్నాయి. పర్లాకిమిడి, బరంపురం, పలాస, మందస ప్రాంతాల నుంచి వచ్చే విద్యార్థికి విమాన కంపెనీ ఖాతా ఎలా ఉంటుందో తెలిసే అవకాశం లేదు. అదే జీడిపిక్కల బస్తా ధర గురించి వాళ్ల ఇళ్లలోనే రోజూ మాట్లాడుకుంటారు. కళ్లెదుట ఉన్న పరిశ్రమను వదిలి, కనిపించని పరిశ్రమ మీద విశేషణాలు రాయించడం చదువు అనిపించుకోదు.

మైకేల్ పోర్టర్ 1979లో ఈ విశ్లేషణను ప్రతిపాదించినప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: ఒక పరిశ్రమలో పుట్టే లాభం చివరికి ఎవరి చేతికి పోతోంది? సరకు అమ్మేవాడు ధర పెంచి తీసుకోవచ్చు, కొనేవాడు బేరమాడి తీసుకోవచ్చు, కొత్తగా వచ్చేవాడు, ప్రత్యామ్నాయ వస్తువు, పక్క వ్యాపారి కలిసి ధరను కిందికి లాగవచ్చు. అంటే ప్రతి శక్తినీ రూపాయల్లో చూపించగలగాలి. ఆ పని పలాస-కాశీబుగ్గ జీడిపప్పు మిల్లుల మీద చేసి చూపిస్తాను.

ముందు హద్దు గీయాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. ‘జీడి పరిశ్రమ’ అని రాస్తే అందులో తోట రైతు, మిల్లు యజమాని, పప్పును పొట్లాలు కట్టి అమ్మే వ్యాపారి ముగ్గురూ వచ్చేస్తారు. అప్పుడు సరఫరాదారు ఎవరో, కొనుగోలుదారు ఎవరో చెప్పడం కుదరదు. మన హద్దు ఇది: పిక్కలను కొని, ఉడికించి, కోసి, పొట్టు తీసి, గ్రేడు చేసి, పప్పును టోకుగా అమ్మే మిల్లులు. ఉద్దానం రైతూ, గజపతి జిల్లా కొండ మీది రైతూ ఈ హద్దుకు అవతల సరఫరాదారులు. హైదరాబాదు, కటకం టోకు వ్యాపారులు ఇవతల కొనుగోలుదారులు.

ఇప్పుడు ఒక బస్తా తీసుకుందాం. ఇవి పాఠం కోసం నేను వేసుకున్న అంకెలు, పరీక్షలో మీ ఊరి ధరలు వేసుకోండి. 80 కిలోల బస్తా 9,600 రూపాయలు. దానిలోంచి 20 కిలోల పప్పు వస్తుందనుకుందాం. అందులో 15 కిలోలు గుండు పప్పు, కిలో 650 రూపాయల చొప్పున 9,750. మిగిలిన 5 కిలోలు బద్దలూ ముక్కలూ, కిలో 530 చొప్పున 2,650. పప్పు మీద వచ్చేది 12,400. నూనె మిల్లులు కొనే చిప్పల మీద మరో 500. మొత్తం 12,900. ఇందులోంచి పిక్కల ధర 9,600, ఉడకబెట్టడం నుంచి డబ్బాలకెత్తడం దాకా ఖర్చు 1,800, సరకు నిల్వ పెట్టినందుకు వడ్డీ 400 తీసేస్తే మిల్లుకు మిగిలేది 1,100 రూపాయలు. ఇక మన పని ఈ 1,100 రూపాయల మీద ఎవరి చెయ్యి పడుతోందో చూడడమే.

సరఫరాదారుల సంగతి అన్నిటికంటే లోతైనది, అందుకే దీని మీద ఎక్కువసేపు ఆగుతాను. మొత్తం వ్యయంలో నాలుగింట మూడు వంతులకు పైగా పిక్కలకే పోతోంది కాబట్టి, బస్తా ధర నూటికి పది పెరిగితే 960 రూపాయలు అదనంగా పోయి మిల్లుకు 140 మాత్రమే మిగులుతుంది. దీన్ని చూసి ‘సరఫరాదారుల శక్తి ఎక్కువ’ అని రాసేస్తే సగం జవాబే అవుతుంది, ఎందుకంటే ఇక్కడ సరఫరాదారులు రెండు రకాలు. ఊళ్లో రైతు దగ్గర ఏ కొద్ది బస్తాలో ఉంటాయి, వేసవి కోతల్లోనే ఆయనకు డబ్బు అవసరం పడుతుంది, దళారీ వాకిట్లోకి వచ్చి చెప్పిన ధరకే చాలాసార్లు ఇచ్చేస్తాడు. ఆయనకు బేరశక్తి లేదు. కానీ మిల్లు ఏడాది పొడుగునా నడవాలంటే స్థానిక పంట చాలదు. ఐవరీ కోస్టు, బెనిన్, టాంజానియా వంటి దేశాల పిక్కలు ఓడరేవుల ద్వారా దిగుమతి వ్యాపారుల చేతుల మీదుగా రావాలి. ఆ వ్యాపారులు కొద్దిమందే, పైగా అదే పిక్కల కోసం వియత్నాం మిల్లులూ పోటీకి వస్తాయి. కాబట్టి ఒకే వస్తువుకు ఒక చోట బలహీనుడైన అమ్మకందారు, మరో చోట బలవంతుడైన అమ్మకందారు ఉన్నారు. మిల్లు ఏ నెలలో ఎవరి దగ్గర కొంటున్నదో చెప్పకుండా ఈ శక్తికి కొలత చెప్పలేము.

ఈ సమతూకం మారిపోతుందని కూడా రాయాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి చెట్లు నేలకూలాయి, గజపతి కొండల్లోనూ నష్టం భారీగా జరిగింది. కొత్తగా నాటిన మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. తోటలు అలా పోయినప్పుడు రైతు దగ్గర దొరికే సరకు తగ్గిపోతుంది, ఆ మేరకు మిల్లు దిగుమతి సరకు వైపు మొగ్గక తప్పదు. శక్తి ఏ కారణం వల్ల ఎటు కదులుతోందో చెప్పిన జవాబుకే నేను పూర్తి మార్కులు వేస్తాను.

పోర్టర్ శ్రమను కూడా సరఫరాగానే లెక్కించమన్నాడు, గైడు పుస్తకాలు మాత్రం దాన్ని వదిలేస్తాయి. మిల్లులో పొట్టు తీసి, గ్రేడు వేరు చేసేవారు ఎక్కువగా ఆడవాళ్లు. చిప్పలోని జిగురు అంటితే చర్మం కాలుతుంది. పొట్టు తీసేటప్పుడు ఒక్క ఒత్తిడి ఎక్కువైతే గుండు పప్పు రెండు బద్దలవుతుంది. బస్తాకు మరో రెండు కిలోలు విరిగితే కిలోకు 120 రూపాయల తేడాతో 240 రూపాయలు పోతాయి, అంటే మిగులులో అయిదో వంతుకు పైగా. ఇంత విలువ వారి వేళ్లలో ఉన్నా చుట్టుపక్కల వేరే పని దొరకదు కాబట్టి కూలి పెంచమని అడిగే బలం వారికి లేదు. నైపుణ్యం వేరు, బేరశక్తి వేరు అని విద్యార్థికి చూపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

కొనుగోలుదారుల విషయం గ్రేడులోనే ఉంది. డబ్ల్యూ 320 అంటే ఒక పౌనుకు 300 నుంచి 320 గుండు పప్పులు తూగే రకం. దేశమంతటా అదే కొలత. టోకు వ్యాపారికి పలాస పప్పయినా కొల్లాం పప్పయినా గ్రేడు ఒకటైతే తేడా ఉండదు, ఒక్క ఫోను చేసి మిల్లు మార్చేస్తాడు. ఆయన కిలోకు 20 రూపాయలు తగ్గించమంటే బస్తాకు 400 పోతుంది. సరకు తీసుకుని నెల తరువాత డబ్బిస్తే ఆ వడ్డీ కూడా మిల్లు నెత్తినే పడుతుంది. ఈ శక్తి బలమైనదని ధైర్యంగా రాయవచ్చు, కారణం మాత్రం కొనేవాడు పెద్దవాడు కావడం కంటే సరకు ఒకేలా ఉండడం.

ప్రత్యామ్నాయాల దగ్గర ఒక తప్పు ప్రతి బ్యాచిలోనూ కనిపిస్తుంది: వియత్నాం పప్పును ప్రత్యామ్నాయంగా రాస్తారు. అది అదే వస్తువు, కాబట్టి అది పోటీదారు. ఆ అవసరాన్ని మరో విధంగా తీర్చే వేరే వస్తువే ప్రత్యామ్నాయం. హోటలులో కూరకు చిక్కదనం కోసం ముక్క పప్పుకు బదులు పుచ్చగింజలో వేరుశనగో రుబ్బి వేస్తారు, అక్కడ ముప్పు ఉంది. కాజూ కట్లీకి జీడిపప్పే కావాలి, అక్కడ లేదు. ముక్కలకు ముప్పు ఎక్కువ, గుండుకు తక్కువ అని విడదీసి రాస్తే చాలు.

కొత్తవారి ప్రవేశం గురించి ‘యంత్రాలు చౌక కాబట్టి ప్రవేశం సులువు’ అని రాయడం తొందరపాటు. చిన్న బాయిలరూ కోత యంత్రాలూ పెట్టుకోవడం నిజంగానే కష్టం కాదు, పని తెలిసిన మనుషులు ఊళ్లోనే ఉన్నారు. అయితే రోజుకు 10 బస్తాలు ఆడించే మిల్లు ఆరు నెలలకు, అంటే 150 పనిదినాలకు, పిక్కలు ముందే కొనిపెట్టుకోవాలంటే 1,500 బస్తాలకు 1 కోటి 44 లక్షలు కావాలి. అందుకే షెడ్డు వేసేవారు చాలామంది ఉంటారు, ధర తక్కువగా ఉన్నప్పుడు నిల్వ చేయగలిగేవారు కొద్దిమందే ఉంటారు. అప్పు తెచ్చి సరకు నింపిన మిల్లు వాయిదా దగ్గర పడగానే ధర తగ్గించి అయినా అమ్ముకుంటుంది. ఒకేలాంటి సరకు అమ్మే మిల్లులు పక్కపక్కనే ఉన్నప్పుడు ఒకరు తగ్గిస్తే అందరూ తగ్గించక తప్పదు. ఉన్నవారి మధ్య పోటీ తీవ్రత ఇక్కడి నుంచే వస్తోంది.

ప్రభుత్వాన్ని ఆరో శక్తిగా రాయకండి. కేంద్రం 2018 బడ్జెట్‌లో ముడి జీడిపిక్కల దిగుమతి సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించినప్పుడు మిల్లుకు ముడిసరకు ధర కొంత దిగింది, అది సరఫరాదారుల గడిలోకి వస్తుంది. 2019లో గుండు పప్పుకు కిలో 720, ముక్కకు కిలో 680 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టినప్పుడు బయటి పప్పు చౌకగా రావడం కష్టమైంది, అది పోటీ గడిలోకి వస్తుంది. ఏ ఉత్తర్వు ఏ శక్తి మీద పనిచేసిందో గుర్తించడమే విశ్లేషణ.

చివరికి మిల్లు ఏం చేయాలన్నది రాయకపోతే అది స్ట్రాటజీ పేపరు కాదు. చాలామంది ‘సొంత బ్రాండు పెట్టాలి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. సొంత పేరుతో పావుకిలో పొట్లాలు కట్టి నేరుగా దుకాణాలకు అమ్మితే టోకు వ్యాపారి బేరం నుంచి కొంత బయటపడవచ్చు. అయితే మన లెక్క ప్రకారం బస్తా ధర పెరిగితే పోయేది 960, టోకు వ్యాపారి తగ్గిస్తే పోయేది 400. బ్రాండు ఆ 400 మీదే పనిచేస్తుంది. 960 మీద పనిచేయాలంటే పది పదిహేను మిల్లులు కలిసి కోతల కాలంలోనే రైతుల దగ్గర నేరుగా కొని, ఒకే గోదాములో నిల్వ పెట్టి, ఆ నిల్వ మీద బ్యాంకు రుణం తీసుకోవాలి. దళారీకి పోయే భాగంలో కొంత రైతుకు ఇచ్చినా మిల్లులకు గిట్టుబాటవుతుంది, దిగుమతి వ్యాపారి మీద ఆధారపడే నెలలూ తగ్గుతాయి.