టిక్కులన్నీ నిండిన చుక్కల చార్టును నేను నమ్మను

కంటి లోపలి ప్రెషర్‌తో కంటి నరం మెల్లగా దెబ్బతినే గ్లకోమా ఉన్నవాళ్లకి ఇచ్చే చుక్కల చార్టు మీద నాకు చాలాకాలంగా కోపం. కంటి ప్రెషర్ చూడటమే నా పని కాబట్టి ఆ కాగితాలు రోజూ చేతికి వస్తుంటాయి. తేదీ, మందు పేరు, ఉదయం, రాత్రి, టిక్కు పెట్టడానికి ఒక గడి. అంతే. చుక్క వేయని రోజు ఏం రాయాలో ఎక్కడా ఉండదు. గడి ఖాళీగా ఉంటే డాక్టరుగారు తిడతారని జనం చెకప్‌కి ముందురోజు కూర్చుని నెలంతా ఒకే పెన్నుతో నింపేస్తారు. వాళ్లని నేను తప్పుపట్టను. అలా నింపేలా చేసింది ఆ కాగితమే.

అబద్ధపు టిక్కు వల్ల ఏమవుతుందో ఒక పెద్దావిడ సంగతి చెబితే తెలుస్తుంది. మందులు మొదలుపెట్టక ముందు ఆవిడకి రెండు కళ్లలోనూ ప్రెషర్ 26. రాత్రి తొమ్మిదికి లాటానోప్రాస్ట్, ఉదయం ఎనిమిదికీ రాత్రి ఎనిమిదికీ టిమోలాల్, రెండు కళ్లలోనూ. ఆరు వారాల తర్వాత చూస్తే 15కి దిగింది. ఆవిడ కంటి నరం ఉన్న స్థితికి డాక్టరు పెట్టిన హద్దు కూడా అంతే. ఆ తర్వాతి చెకప్‌లో మాత్రం 22. చార్టు చూస్తే ఒక్క ఖాళీ లేదు. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఏ డాక్టరైనా ఏమనుకుంటారు? మందులు చాలడం లేదు, మూడోది కలపాలి, లేదంటే లేజర్ గురించి మాట్లాడాలి అనుకుంటారు.

నేను చార్టు పక్కన పెట్టి, "రాత్రి వేసే సీసా ఎప్పుడు తెరిచారమ్మా?" అని అడిగాను.

"మూడో తారీఖున."

"ఇప్పుడు అందులో ఎంత ఉంది?"

"అది ఇరవై మూడునే అయిపోయిందమ్మా. ఎలాగూ చెకప్‌కి వస్తున్నాం కదా, డాక్టరుగారు రాసిచ్చాక కొందామని ఆగాం."

ఆవిడ వచ్చింది రెండో తారీఖున. అంటే తొమ్మిది రాత్రుల పాటు లాటానోప్రాస్ట్ అసలు లేదు. టిమోలాల్ మాత్రం ఇంకా నడుస్తోంది. లాటానోప్రాస్ట్ ఒకసారి వేస్తే పని చేసేది దాదాపు ఒక రోజు. మానేస్తే ప్రెషర్ మెల్లగా పాత చోటికి ఎక్కుతుంది. కన్ను నొప్పి పెట్టదు, చూపు మసకబారదు, మనిషికి ఏమీ తెలియదు.

ఇక్కడితో ఆగితే సగమే తెలిసినట్టు. 2.5 మిల్లీలీటర్ల సీసాలో సుమారు 80 చుక్కలుంటాయి. రెండు కళ్లకీ రాత్రికి రెండు చుక్కలే కాబట్టి లెక్క ప్రకారం నలభై రాత్రులు రావాలి. తెరిచిన తర్వాత వాడాల్సిన గడువు, మందును బట్టి 4 నుంచి 6 వారాలు, సీసా మీద రాసే ఉంటుంది. అంటే గడువు ముగిసేసరికి సీసాలో కాస్త మిగిలినా ఆశ్చర్యం లేదు. మరి ఆవిడకి ఇరవై రోజులకే ఎలా ఖాళీ అయింది? రాత్రికి నాలుగు చుక్కలు పోతున్నాయన్నమాట. వేసి చూపించమన్నాను. నిలబడి, తల కాస్త వెనక్కి వంచి, సీసా పైనుంచి నొక్కారు. మొదటి చుక్క రెప్ప మీద పడింది. రెండోది లోపలికి పోయింది. పడిందో లేదో అనుమానంతో మూడోది వేయబోయారు, నేనే ఆపాను.

అందుకే చార్టులో ముందుగా ఉండాల్సింది టిక్కుల గడి కాదు, సీసా తెరిచిన తేదీ, అయిపోయిన తేదీ రాసే చోటు. సీసా మరీ తొందరగా అయిపోతే చుక్కలు బయట పడుతున్నట్టు. గడువు దాటాక కూడా సగం ఉంటే వేయడం మానేస్తున్నట్టు. ఈ రెండు తేదీలూ టిక్కుల కన్నా నిజం చెబుతాయి.

వేసే పద్ధతి విషయానికొస్తే, పడుకుని వేసుకోవడం అందరికన్నా తేలిక. చేతులు కడుక్కుని, పైకి చూస్తూ కింది రెప్పను వేలితో లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. సీసా మూతి కంటికీ రెప్పకీ తగలకుండా అందులో ఒక్క చుక్క. ఆ సంచిలో పట్టేదే సుమారు ఒక చుక్క, రెండోది వేస్తే చెంప మీదికి జారుతుంది. వేశాక టపటపా ఆర్పకూడదు. మెల్లగా కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలలో వేలితో రెండు నిమిషాలు నొక్కి ఉంచాలి. అలా నొక్కకపోతే మందు ఆ మూల నుంచి ముక్కులోకి, అక్కడి నుంచి రక్తంలోకి పోతుంది. టిమోలాల్ విషయంలో ఇది చిన్న సంగతి కాదు, గుండె వేగం తగ్గిస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి ఊపిరి ఇబ్బంది తెస్తుంది. ఆస్తమా ఉందని డాక్టరుకి చెప్పనివాళ్లు ఇప్పటికీ వస్తుంటారు! ఇక రెండు మందుల మధ్య కనీసం ఐదు నిమిషాలు ఆగాలి, లేదంటే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది.

ఇప్పుడు మర్చిపోయిన చుక్క సంగతి. అందరూ అడిగేదీ, చార్టులో ఎక్కడా లేనిదీ ఇదే. రాత్రి లాటానోప్రాస్ట్ మర్చిపోయి తెల్లారాక గుర్తొస్తే ఆ చుక్కను వదిలేసి, ఆ రాత్రి మామూలు వేళకి ఒక్కటే వేసుకోవాలి. పోయినదానికి బదులుగా రెండు వేయకూడదు. ఈ మందును రోజుకి ఒకసారి కన్నా ఎక్కువ వేస్తే ప్రెషర్ తగ్గించే గుణమే తగ్గవచ్చు. టిమోలాల్ అయితే గంటా రెండు గంటల్లో గుర్తొస్తే వేసుకోవచ్చు, తర్వాతి వేళ దగ్గరపడితే వదిలేయాలి. దాన్నీ రెట్టింపు చేయకూడదు. చార్టులో ఆ గడిలో సున్నా చుట్టాలి. సున్నా పెట్టమని కాగితం మీదే అచ్చు వేయండి, అప్పుడు అది తప్పులా కాక సమాచారంలా కనిపిస్తుంది. వేసిన రోజు కూడా టిక్కు బదులు టైము రాయించాలి. టైము కల్పించి రాయడం టిక్కు పెట్టినంత సులువు కాదు.

చెకప్ వరుస చార్టు అడుగున ఉండాలి. కుడి కన్ను, ఎడమ కన్ను, చూసిన టైము, చివరి చుక్క వేసిన టైము. కంటి ప్రెషర్ రోజంతా ఒకేలా ఉండదు, ఉదయం చూసిన అంకెనూ సాయంత్రం చూసిన అంకెనూ టైము లేకుండా పోల్చలేం. ప్రెషర్ అసలెంతుందో తెలియాలని ఆ రోజు చుక్క మానేసి వచ్చేవాళ్లున్నారు. అలా చేయొద్దు, మందుతో ఎంతుందన్నదే మాకు కావాలి. దీనికి ఎదురు రకం ఇంకా ప్రమాదం. నెలంతా వదిలేసి, చెకప్‌కి ముందు వారం మాత్రం బుద్ధిగా వేసుకుని వస్తారు. ప్రెషర్ 15 వస్తుంది, అందరం సంతోషిస్తాం. ఆర్నెల్ల తర్వాత ఫీల్డ్ పరీక్షలో పక్క చూపు ఇంకొంత పోయి ఉంటుంది, ఎందుకో ఎవరికీ అర్థం కాదు.

ఆ పెద్దావిడకి డాక్టరు మూడో మందు రాయలేదు. పడుకుని వేసుకోవడం నేర్పించి, సీసా తేదీలు రాయమని, అయిపోవడానికి వారం ముందే కొత్తది కొనమని చెప్పారు. ఆరు వారాలకి 16 వచ్చింది, చార్టులో మూడు సున్నాలున్నాయి, సీసాలో ఇంకా మందు మిగిలి ఉంది. సున్నాలు ఇంత తక్కువగా ఉండి, సీసా లెక్క సరిపోయి, అప్పుడు కూడా 22 వచ్చి ఉంటే మందు నిజంగానే చాలడం లేదని తెలిసేది. మూడో చుక్క గురించో లేజర్ గురించో మాట్లాడాల్సింది అప్పుడు.