ప్యాకెట్ మీద పేరు కలిసినంత మాత్రాన పప్పు కలవదు

"ఇండియన్ స్టోర్ కోసం గంట ప్రయాణం దండగ. పక్కనున్న సూపర్‌మార్కెట్‌లోనే అన్నీ ఉన్నాయి. కందిపప్పుకు ఎల్లో స్ప్లిట్ పీస్, మినపప్పుకు బ్లాక్ లెంటిల్స్, గోంగూరకు సారెల్, కారానికి చిల్లీ పౌడర్, కరివేపాకుకు బే లీఫ్. రుచిలో తేడా తెలియదు. అందరికీ పంపండి."

విదేశాల్లో ఉండే తెలుగువాళ్లకు ఫోన్లలో వచ్చే ఇలాంటి సందేశాన్ని నమ్మితే వంట చెడుతుంది. ముందు మినపప్పు సంగతి చూడాలి, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. అమెరికా, బ్రిటన్ సూపర్‌మార్కెట్లలో బ్లాక్ లెంటిల్స్ అని అమ్మేవి సాధారణంగా బెలుగా లెంటిల్స్. అవి మసూర్ జాతివి. గింజ చూస్తేనే తెలిసిపోతుంది: బెలుగా గుండ్రంగా, బిళ్లలా ఉండి నల్లగా మెరుస్తుంది. మినుము కాస్త పొడవుగా ఉంటుంది, దాని అంచున తెల్లని చార కనిపిస్తుంది. ఇడ్లీకి మినుమే ఎందుకంటే, దాన్ని రుబ్బితే జిగురు వస్తుంది. పులిసేటప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచేది ఆ జిగురే. బెలుగాలో అది లేదు. పిండి పుల్లబడవచ్చు గానీ పొంగదు, ఇడ్లీ రాయిలా దిగుతుంది. ఇలాంటప్పుడు చలిని, మిక్సీని నిందించి ప్రయోజనం లేదు.

మినుములు దొరకకపోతే పప్పును కాదు, వంటకాన్ని మార్చుకోండి. మంగ్ బీన్స్ పేరుతో పెసలు చాలా సూపర్‌మార్కెట్లలోనూ హెల్త్ ఫుడ్ కొట్లలోనూ ఉంటాయి. కప్పు పెసలకు రెండు చెంచాల బియ్యం కలిపి రాత్రి నానబెట్టి, పొద్దున అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బితే పెసరట్టు సిద్ధం. పులియబెట్టే పని లేదు కాబట్టి చలిదేశంలో ఇదే మేలు.

ఇక కందిపప్పు. ఎల్లో స్ప్లిట్ పీస్ అంటే బఠాణీ పప్పు. రంగు చూసి చాలామంది శనగపప్పు అనుకుంటారు, అదీ కాదు. ఉడికాక బఠాణీ వాసన, కొంచెం తీపి ఉంటాయి. చల్లారితే ముద్దలా గట్టిపడుతుంది. పప్పుచారుకు అది ఇబ్బందే. అంతకంటే రెడ్ స్ప్లిట్ లెంటిల్స్, అంటే మసూర్ పప్పు, ఎంతో నయం. నానబెట్టక్కర్లేదు, కుక్కర్ లేకపోయినా కప్పుకు మూడు కప్పుల నీళ్లు పోస్తే ఇరవై నిమిషాల్లో మెత్తబడుతుంది, ఎరుపు పోయి పసుపు రంగుకు తిరుగుతుంది. పప్పు పూర్తిగా మెత్తబడ్డాకే చింతపండు పులుసు పోయండి, పులుపు ముందే పడితే ఉడకడం ఆలస్యమవుతుంది. కందిపప్పు కమ్మదనం మొత్తం రాదు, కానీ ఇంగువ, ఎండుమిర్చి తాలింపు పడితే అన్నంలోకి హాయిగా ఉంటుంది. దగ్గరలో కరీబియన్ కొట్టు ఉంటే గుంగో పీస్, లాటిన్ అమెరికన్ కొట్టు ఉంటే గండూలెస్ అని అడగండి. అవి అచ్చంగా మన కందులే. ఎండువి తీసుకోండి, డబ్బాలో వచ్చే పచ్చి గింజలు పప్పుకు పనికిరావు.

సారెల్ గురించి చెప్పింది సగమే తప్పు. ఇంగ్లీషు కొట్లో ఆకుకూరగా దొరికే సారెల్ మన చుక్కకూరకు చుట్టం. చుక్కకూర పప్పుకు నిక్షేపంగా పనికొస్తుంది. గోంగూర పచ్చడికి మాత్రం కాదు, బాణలిలో వేయగానే కరిగి నీరైపోతుంది. కానీ కరీబియన్ కొట్లో సారెల్ అంటే వేరు. అవి ఎర్ర గోంగూర జాతి పూల కింద ఉండే పుల్లటి ఎర్ర రేకులు, ఎండబెట్టినవి. మెక్సికన్ కొట్లలో వాటినే హమైకా అంటారు. వేడినీళ్లలో నానబెట్టి, వేయించిన ఎండుమిర్చి, వెల్లుల్లితో నూరితే ఆకు రుచి లేకపోయినా ఆ పులుపు నాలుకకు తగులుతుంది. చక్కెర కలపనివే కొనండి.

కారం విషయంలో దేశాన్ని బట్టి జాగ్రత్త పడాలి. అమెరికా చిల్లీ పౌడర్‌లో చాలావరకు జీలకర్ర, వెల్లుల్లి పొడి, ఒరేగానో కలిసి ఉంటాయి. అది వేసి ఆవకాయ పెడితే ఏడాదికి సరిపడా మామిడికాయలు వృథా. ప్యాకెట్ వెనక పదార్థాల జాబితాలో మిరప ఒక్కటే ఉండాలి. కయేన్ పేరుతో దొరికేది అదే, కానీ ఘాటు ఎక్కువ కావచ్చు, కాబట్టి సగంతో మొదలుపెట్టి రుచి చూసి పెంచండి.

కరివేపాకుకు బే లీఫ్ బదులు కాదు. అది బిర్యానీ ఆకు పనికి దగ్గర, పులిహోర తాలింపులో పరాయి వాసన వేస్తుంది. నర్సరీల్లో కర్రీ ప్లాంట్ అని అమ్మే వెండి రంగు మొక్క కూడా కరివేపాకు కాదు. లేనప్పుడు మానేయండి, ఆవాలు, ఇంగువ సరిపోతాయి. దొరికినప్పుడు ఎక్కువ తెచ్చి, కడిగి, తడి పూర్తిగా ఆరాక గాలి చొరని సంచిలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. కరగనివ్వకుండా నేరుగా నూనెలో వేస్తే వాసన బాగానే నిలుస్తుంది.