‘వాయిదా ఆదాయం’ కాదు, పని బాకీ

గుంటూరు జిల్లాలోని ఓ చిన్న టౌన్లో వాటర్ ప్యూరిఫైయర్లు అమ్మి, సర్వీసు కూడా చేసే దుకాణం ఒకటుంది. దాని లెక్కలు రాసేది నేనే. పోయిన మార్చి తర్వాత బ్యాంకులో లోన్ కోసం బ్యాలెన్స్ షీట్ కావాల్సి వచ్చింది. ఓనరు ఇంగ్లిష్ చదవరు. పట్టిక మొత్తం తెలుగులో ఇస్తే తప్ప సంతకం పెట్టనన్నారు. నాకూ న్యాయంగానే అనిపించింది. తనకు అర్థం కాని కాగితం మీద మనిషి ఎందుకు సంతకం పెట్టాలి?

డిఫర్డ్ రెవెన్యూ అన్న చోట ‘వాయిదా వేసిన ఆదాయం’ అని రాసిచ్చాను. ఆయన చూసి సంతోషపడ్డారు. ‘తొంభై తొమ్మిది వేలు రావాల్సి ఉందా? ఎవరెవరు ఇవ్వాలో లిస్టు తియ్ అబ్బాయ్, రేపే కుర్రాళ్లని పంపిస్తా’ అన్నారు.

ఆ లిస్టులో ఉన్నవాళ్లెవరూ ఆయనకు రూపాయి బాకీ లేరు. ఏడాది సర్వీసు కోసం అందరూ ముందే మొత్తం కట్టేశారు. ఆ సర్వీసు చేయకుండా బాకీ ఉన్నది ఈయనే. నా అనువాదం లెక్కను సరిగ్గా తలకిందులు చేసింది.

తప్పు ఆయనది కాదు. మన ఊళ్లలో వాయిదా అంటే రెండే అర్థాలు. ఫ్రిజ్ వాయిదాల మీద కొంటాం, కేసు వాయిదా పడుతుంది. రెంటిలోనూ ఏదో ఇంకా రావాల్సి ఉంది. దుకాణంలో కూర్చున్న మనిషికి ‘వాయిదా ఆదాయం’ అంటే నెలనెలా వసూలు చేసుకోవాల్సిన డబ్బే గుర్తొస్తుంది. డిక్షనరీ ప్రకారం నా మాట తప్పు కాదు, కౌంటర్ దగ్గర మాత్రం శుద్ధ తప్పు.

కామర్స్ పుస్తకాల్లో ‘ముందుగా వచ్చిన ఆదాయం’ అని ఉంటుంది. ఇది చాలా నయం, కనీసం డబ్బు వచ్చేసిందని చెబుతుంది. చిక్కంతా చివరి మాటతోనే. ఆదాయం అని మనమే పేరు పెట్టి, దాన్ని ఆదాయంలో కలపొద్దంటే ఎవరు వింటారు? అక్కడ ఉండాల్సిన మాట సొమ్ము. ఆ సొమ్ముకు బదులుగా చేయాల్సిన పని ఇంకా మిగిలే ఉంది. అందుకే రెండోసారి రాసినప్పుడు ‘పని బాకీ’ అని పెట్టాను.

లెక్క ఇదీ. జనవరి 1న ఏడాది సర్వీసు కాంట్రాక్టు ఒకటి మొదలుపెట్టారు. మనిషికి 3,000 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ 540. ఏడాదిలో నాలుగుసార్లు ఇంటికెళ్లి సర్వీసు చేయాలి. మొదటి రోజే నలభై మంది చేరారు. జీఎస్టీ పక్కన పెడితే ఒక్కసారిగా 1,20,000 చేతికొచ్చింది. ఆయన దాన్ని జనవరి ఆదాయంగా రాసుకున్నారు. కొంత పెట్టి షాపుకు కొత్త బోర్డు కూడా పెట్టించారు.

మార్చి 31కి అందులో ఎంత సంపాదించినట్టు? సాధారణంగా పన్నెండు నెలలకు పంచి, మూడు నెలలు గడిచాయి కాబట్టి 30,000 ఆదాయం, 90,000 పని బాకీ అని రాస్తారు. నేనూ మొదట అలాగే వేశాను. తర్వాత కుర్రాళ్ల సర్వీసు రిజిస్టర్ తిరగేస్తే, మార్చి లోపల మొదటి సర్వీసు నలభై ఇళ్లకూ అవ్వాల్సింది ఇరవై ఎనిమిది ఇళ్లకే అయింది. సర్వీసుకు 750 చొప్పున చూస్తే నిజంగా సంపాదించింది 21,000 మాత్రమే. మిగిలిన 99,000 పని బాకీ. నెలలు గడిస్తే చాలు ఆదాయం వచ్చేస్తుందనుకుంటే, ఎక్కని మెట్లు కూడా ఎక్కినట్టే లెక్క. ఇంటికి వెళ్లడమే పని అయినచోట ఇళ్లనే లెక్కపెట్టాలి. ఇక్కడా ఒక లొసుగుంది. ఆరో నెల సర్వీసులో ఫిల్టర్లు మార్చాలి కాబట్టి నాలుగు సర్వీసులూ సమానం కావు. అయినా ఇంత చిన్న దుకాణానికి సమాన భాగాలు చాలనుకున్నాను.

‘పన్నెండు ఇళ్లకు ఇంకా వెళ్లలేదు కదా, ఆ డబ్బు ఎలా నాదవుతుంది’ అని ఆయనే అన్నారు. పని బాకీ అన్న మాట విన్నాక నేను వివరించాల్సిన అవసరం పెద్దగా లేకపోయింది. అయితే వెంటనే ఒక పదునైన ప్రశ్న వేశారు. ‘మరి గవర్నమెంటు జీఎస్టీ మొత్తం మీద అప్పుడే కట్టించుకుంది కదా? వాళ్లకు ఆదాయమైంది నాకు ఎందుకు కాలేదు?’ సర్వీసులకు అడ్వాన్సు తీసుకుంటే, తీసుకున్నప్పుడే మొత్తం మీద జీఎస్టీ కట్టాలన్నది రూలు. నలభై మందికీ కలిపి 21,600 జనవరి లెక్కలోనే పోయింది. ఇలాంటి అడ్వాన్సుల్లో జీఎస్టీ చూసేది డబ్బు ఎప్పుడు చేతులు మారిందన్నది. లాభనష్టాలు చూసేది పని ఎప్పుడు జరిగిందన్నది. రెండూ వేర్వేరు గడియారాలు. జీఎస్టీ రిటర్నులో ఉన్న అమ్మకాన్ని అలాగే లాభం లెక్కలోకి దించేసే అకౌంటెంట్లు చాలామందే ఉన్నారు. పని బాకీ మాయమయ్యేది ఎక్కువగా అక్కడే.

ఇంకో అనుమానం కూడా వచ్చింది. ఆ మిగిలిన సర్వీసులు చేయడానికి తనకు 99,000 ఖర్చు కాదు కదా అని. నిజమే, జీతాలకూ ఫిల్టర్లకూ కలిపి అంతకంటే తక్కువే అవుతుంది. అయినా పట్టికలో 99,000 అనే రాస్తాం, ఎందుకంటే అందులో ఉన్న లాభం కూడా పని చేశాకే ఆయనది.

అడ్వాన్సు అనే మాట అందరికీ తెలుసు కదా, అదే వాడొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. కానీ ఆ దుకాణంలో అడ్వాన్సు అంటే మూడు రకాలు. కస్టమర్ ఇచ్చింది ఒకటి, ఫిల్టర్ల కోసం హోల్‌సేల్ వాళ్లకు ఈయన కట్టింది ఒకటి, షాపు అద్దెకిచ్చిన ఇంటి ఓనరు దగ్గర అడ్వాన్సుగా పడి ఉన్నది ఒకటి. మొదటిది బాకీ, మిగతా రెండూ ఆస్తి. ఒకే మాట పట్టికకు రెండు పక్కలా కూర్చుంటే చదివేవాడు ఏం కావాలి?

అక్రూడ్ లయబిలిటీస్, అంటే వాడుకున్నా ఇంకా డబ్బు కట్టని ఖర్చుల దగ్గర గొడవ ఇంకో రకం. ‘సంచిత బాధ్యతలు’ అన్న అనువాదం చూశాను. సంచిత అనగానే పూర్వజన్మ కర్మ గుర్తొస్తుంది. లయబిలిటీని బాధ్యత అంటే కూతురి పెళ్లి గుర్తొస్తుంది. సరే, ‘బకాయి ఖర్చులు’ అని మారిస్తే ఆయనకు కోపమొచ్చింది. ‘నేనెవరికి బకాయి పడ్డాను? జీతాలు ఐదో తారీఖు దాటనివ్వను, అద్దె దాటనివ్వను.’ బకాయి అంటే గడువు దాటినా కట్టనిదని ఆయన లెక్క. మన భాషలో దాని ధ్వని అదే. ఇక్కడ గడువు ఇంకా రానే లేదు. వాడుకోవడం మాత్రం అయిపోయింది.

ఇద్దరు కుర్రాళ్లు మార్చి నెలంతా పనిచేశారు, వాళ్ల జీతం 24,000 ఏప్రిల్ 5న ఇస్తారు. మార్చి అద్దె 9,000 కూడా అప్పుడే. ఏడాది లెక్కలు రాసినందుకు నాకివ్వాల్సింది 10,000. (ఇది రాసుకునేటప్పుడు నాకే నవ్వొచ్చింది.) ఇక కరెంటు. మీటర్ రీడింగ్ ప్రతి నెలా 8న తీస్తారు. ఏప్రిల్ 8న వచ్చిన బిల్లు 4,030 రూపాయలు, 31 రోజులకు. రోజుకు 130 పడింది. అందులో మార్చి 9 నుంచి 31 దాకా 23 రోజులు, అంటే 2,990. అది పోయిన ఏడాది ఖర్చు. మిగిలిన 1,040 కొత్త ఏడాదిది. బిల్లు చేతికొచ్చేదాకా ఆగక్కర్లేదు, ఫిబ్రవరి బిల్లు చూసి 3,000 అని అంచనా వేసుకున్నా సరిపోతుంది. నేనూ 3,000 అనే వేశాను, మొత్తం 46,000.

దీనికి ‘బిల్లు రాని బాకీ’ అని పెట్టాను. సరుకు తెచ్చిన హోల్‌సేల్ షాపుకు ఇవ్వాల్సింది వేరే వరుసలో ఉంటుంది, దానికి బిల్లు ఉంది కాబట్టి. తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. అద్దెకు బిల్లు ఎవరిస్తారని ఆయన అడిగారు. ఐదో తారీఖు పొద్దున ఇంటి ఓనరు చేసే ఫోనే బిల్లు అన్నాను. మాట పూర్తిగా అతకలేదని ఒప్పుకుంటాను, కానీ బకాయిలాగా మనిషి పరువు మీదికి పోదు.

ఈ బాకీని మొదటి ఏడాది లెక్కలో రాసేవాళ్లు ఒక గోతిలో పడతారు. ఏప్రిల్లో ఇచ్చిన జీతం నిజానికి అంతకుముందు మార్చిది. డబ్బు ఇచ్చినప్పుడే ఖర్చు రాసే అలవాటు ఉన్న దుకాణంలో అది కొత్త ఏడాది ఖర్చులో ఉంటుంది. ఇప్పుడు ఏడాది చివర్లో ఈ మార్చి జీతం కూడా చేరిస్తే, ఒకే ఏడాదిలో పదమూడు నెలల జీతాలు పడతాయి. కనిపెట్టడం తేలిక. జీతాల మొత్తాన్ని నెల జీతంతో భాగించి చూడండి, మనుషులు మారకుండా 13 వస్తే తప్పు జరిగినట్టే. ఈ దుకాణంలో అలా వెనకటి ఏడాదికి చెందిన 41,000 దొరికింది. దాన్ని తీసేశాను. రెండో ఏడు ఇంకో తప్పు కాచుకుని ఉంటుంది. ఏప్రిల్లో డబ్బు ఇచ్చినప్పుడు పాత బాకీని కొట్టేయకుండా మళ్లీ ఖర్చు రాయడం. అప్పుడు పట్టికలో పోయినేటి 46,000 అలాగే కదలకుండా కూర్చుంటుంది.

చేతికి వచ్చిన డబ్బు, చేతి నుంచి పోయిన డబ్బు మాత్రమే చూసి ఆయన వేసుకున్న లాభం 3,60,000. అందులోంచి పని బాకీ 99,000, బిల్లు రాని బాకీ 46,000 తీసి, వెనకటి ఏడాది 41,000 కలిపితే 2,56,000 మిగిలింది. మొహం మాడింది. బ్యాంకు వాళ్లకు పాత అంకె ఇచ్చేద్దామా అని కాసేపు నా వైపు చూశారు కూడా. జూన్‌లో నలభై ఇళ్లకు ఫిల్టర్లు కొనాలి, ఆ డబ్బు ఎక్కడుంది అని అడిగాను. షాపు ముందు కొత్త బోర్డు వైపు చూసి ఊరుకున్నారు.

బ్యాంకుకు ఇచ్చే ప్రతిలో తెలుగు మాట పక్కనే డిఫర్డ్ రెవెన్యూ, అక్రూడ్ లయబిలిటీస్ అని కూడా ఉంచాను. అక్కడి ఆఫీసరుకు పని బాకీ అంటే అర్థం కాకపోవచ్చు, ఆయన చదువుకున్నది ఆ మాటలే. దుకాణం రిజిస్టర్లో మాత్రం తెలుగే. పని బాకీ పేజీలో నలభై గీతలు, ఒక్కో ఇంటికి ఒకటి, ఒక్కో గీత మీద నాలుగు గళ్లు. సర్వీసు చేసొచ్చిన కుర్రాడు గడిలో టిక్కు పెడతాడు. టిక్కు పడిన గడికి 750 ఆదాయంలోకి పోతుంది.

మొన్న ఆయనే ఫోన్ చేశారు. ‘కొత్త మెషిన్‌తో ఏడాది ఫ్రీ వారంటీ ఇస్తున్నాం కదా, అదీ పని బాకీయేనా?’ కాదు బాబాయ్ గారూ, దానికి విడిగా డబ్బు తీసుకోలేదు కదా అన్నాను. ఎన్ని మెషిన్లు వెనక్కొస్తాయో, ఒక్కోదానికి ఎంత పోతుందో పాత రిజిస్టర్ చూసి ఒక మొత్తం పక్కన రాసుకోవాలి, అది అమ్మిన ఏడాది ఖర్చు. ‘మరి దాన్నేమంటారు?’ అన్నారు. పుస్తకంలో ఏర్పాటు అని ఉంది. ఆ మాట చెబితే పెళ్లి ఏర్పాట్లు గుర్తొస్తాయని, రేపు చెప్తానన్నాను.